మధ్య గీత ఒక్కటే చూస్తే చాలదు
రెండు సెక్షన్ల మార్కులను ఒక బాక్స్‌ప్లాట్‌లో చదవడం ఎలా?

ఒకే బడి, ఒకే లెక్కల పేపరు, పదో తరగతిలో రెండు సెక్షన్లు. మార్కులు చేతికి రాగానే స్టాఫ్‌రూంలోనైనా, తల్లిదండ్రుల సమావేశంలోనైనా ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: ఏ సెక్షన్ బాగా రాసింది? ఎవరో ఒకరు రెండు సగటులు చెబుతారు. ఎ సెక్షన్ సగటు 60.8, బి సెక్షన్ సగటు 62.2. బి కాస్త ముందుంది అనుకుని మాట అక్కడితో ముగిస్తారు. నిజానికి ఈ రెండు తరగతుల మధ్య చాలా పెద్ద తేడా ఉంది. సగటు దాన్ని చూపించలేదు. బాక్స్‌ప్లాట్ అనే చిన్న బొమ్మ చూపిస్తుంది, కాకపోతే దాన్ని చదవడం తెలిసి ఉండాలి.

వివరించడానికి వీలుగా రెండు సెక్షన్లకు 15 మంది చొప్పున మార్కులు కల్పించుకుందాం. పేపరు 100 మార్కులకు. తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేరిస్తే ఇలా ఉన్నాయి.

ఎ సెక్షన్: 41, 48, 50, 52, 54, 57, 58, 60, 62, 63, 65, 66, 69, 72, 95.

బి సెక్షన్: 22, 30, 36, 40, 47, 53, 60, 66, 70, 74, 79, 82, 86, 91, 97.

మామూలుగా మన ముందుకు ఈ వరుసలు రావు, బొమ్మ మాత్రమే వస్తుంది. ఆ బొమ్మ నుంచి ఏం తెలుసుకోవచ్చు, ఏం తెలుసుకోలేం అన్నదే ఇక్కడి విషయం. వరుసలు మన దగ్గర ఉన్నాయి కాబట్టి, బొమ్మ చూసి చెప్పిన ప్రతి మాటా నిజమో కాదో సరిచూసుకోవచ్చు.

బొమ్మలో ఏముంటుంది?

ఎడమవైపు నిలువుగా 0 నుంచి 100 వరకు మార్కుల స్కేలు ఉంటుంది. దాని పక్కన రెండు నిలువు పెట్టెలు ఉంటాయి. ఎ సెక్షన్ పెట్టె పొట్టిది: 52 దగ్గర మొదలై 66 దగ్గర ముగుస్తుంది. లోపల 60 దగ్గర అడ్డంగా ఒక గీత ఉంది. పెట్టె కింది నుంచి 41 దాకా, పై నుంచి 72 దాకా సన్నని గీతలు సాగుతాయి. వీటిని మీసాలు అంటారు. వాటికి బాగా పైన, 95 దగ్గర, ఒంటరిగా ఒక చుక్క ఉంది. బి సెక్షన్ పెట్టె పొడుగ్గా 40 నుంచి 82 దాకా ఉంది. అడ్డగీత 66 దగ్గర. మీసాలు కింద 22 దాకా, పైన 97 దాకా. చుక్కలు లేవు.

పెట్టె లోపలి గీత మధ్యగతం. పిల్లలను మార్కుల వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచే పిల్లవాడి మార్కు అది. 15 మందిలో ఎనిమిదోవాడు. పెట్టె కింది అంచు మొదటి చతుర్థాంశం, అంటే కింది పావు తరగతి ముగిసేచోటు. పై అంచు మూడో చతుర్థాంశం, అంటే పై పావు మొదలయ్యేచోటు. మన లెక్కలో ఇవి నాలుగో, పన్నెండో విద్యార్థుల మార్కులు. కాబట్టి తరగతిలో నడిమి సగం పెట్టెలో ఉంటుంది, చెరో పావు పైనా కిందా ఉంటాయి.

ఈ పోలికలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పెట్టె పొడుగ్గా ఉంటే అందులో పిల్లలు ఎక్కువమంది ఉన్నారనుకుంటారు. అలా కాదు. మీసం, పెట్టె కింది భాగం, పెట్టె పై భాగం, పై మీసం అనే నాలుగు ముక్కల్లో ఒక్కోదానిలో దాదాపు పావు తరగతే ఉంటుంది. చపాతీకి తీసుకున్న పిండి ముద్ద ఒకే పరిమాణంలో ఉన్నా, ఎంత పెద్దగా ఒత్తితే అంత పల్చనవుతుంది. ఇక్కడా అంతే: పొడుగు ముక్కలో పిల్లలు ఎక్కువ లేరు, దూరదూరంగా ఉన్నారు. బి సెక్షన్‌లో 40కీ 66కీ మధ్య 26 మార్కుల నిడివిలో ముగ్గురే ఉన్నారు. ఎ సెక్షన్‌లో 60కీ 66కీ మధ్య 6 మార్కుల ఇరుకులోనూ ముగ్గురే ఉన్నారు.

బొమ్మ మీంచి అంకె తీయడం

బొమ్మ మీద అంకెలు రాసి ఉండకపోతే స్కేలుతో కొలవవచ్చు. కాగితం మీద 60 గీతకూ 80 గీతకూ మధ్య 40 మిల్లీమీటర్లు ఉందనుకోండి. 20 మార్కులకు 40 మిల్లీమీటర్లు, అంటే ఒక మిల్లీమీటరుకు అర మార్కు. బి సెక్షన్ మధ్యగతం గీత 60కి పైన 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, 60కి 6 కలిపి 66 అని చదవాలి. గీత మందం వల్ల అర మార్కో, ఒక మార్కో అటూ ఇటూ అవుతుంది. అందుకే బొమ్మ చూసి చదివిన అంకెకు ముందు ‘సుమారు’ అనడం నిజాయతీ.

కొలవడానికి ముందు రెండు పెట్టెలూ ఒకే స్కేలు మీద ఉన్నాయో లేదో చూడాలి. రెండు సెక్షన్లకు రెండు వేర్వేరు బొమ్మలు గీసి పక్కపక్కన అతికిస్తే, ఒకదాని స్కేలు 0 నుంచి 100కి, మరొకదాని స్కేలు 40 నుంచి 100కి ఉండే ప్రమాదం ఉంది. అప్పుడు ఎ సెక్షన్ పొట్టి పెట్టె కూడా పొడుగ్గా కనిపించి, చూడగానే కలిగే అభిప్రాయమే తప్పవుతుంది.

పెట్టె అంచుల విషయంలో ఇంకో చిన్న తేడా కూడా ఎదురవుతుంది. చతుర్థాంశాలను లెక్కకట్టే పద్ధతి ఒకటే కాదు. ఎక్సెల్‌లోనే QUARTILE.EXC, QUARTILE.INC అని రెండున్నాయి. ఎ సెక్షన్ మొదటి చతుర్థాంశం మొదటి పద్ధతిలో 52, రెండో పద్ధతిలో 53 వస్తుంది. ఎవరో లెక్క తప్పారని కాదు, 15 మందిని నాలుగు సమాన భాగాలు చేయడానికి ఒకటికి మించి దారులున్నాయంతే. రెండు సెక్షన్లకూ ఒకే పద్ధతి వాడితే పోలికకు ఇబ్బంది లేదు.

మధ్యగతం చెప్పేది, చెప్పనిది

ఎ సెక్షన్ మధ్యగతం 60, బి సెక్షన్‌ది 66. తేడా 6 మార్కులు. నడుమ నిలిచిన విద్యార్థిని తీసుకుంటే బి ముందుంది, అందులో సందేహం లేదు. కానీ ఈ 6 మార్కులు పెద్ద తేడానా, చిన్న తేడానా? పక్కన పెట్టెల పొడుగు పెట్టి చూడకుండా దీనికి జవాబు చెప్పలేం.

ఎ పెట్టె 52 నుంచి 66 దాకా. బి పెట్టె 40 నుంచి 82 దాకా. ఎ పెట్టె మొత్తం బి పెట్టె లోపలే ఇమిడిపోతుంది. రెండు పెట్టెలు ఒకదాన్నొకటి దాటిపోయి, నడుమ ఖాళీ కనిపిస్తుంటే, ఒక తరగతి మొత్తంగా పైనుందని ధైర్యంగా అనవచ్చు. ఒకటి మరొకదానిలో ఇలా ఇమిడిపోతే, మధ్యగతాల తేడా తరగతుల మధ్య తేడాలో ఒక చిన్న భాగమే.

మరి మిగతా భాగం ఎక్కడుంది? బొమ్మ మీద అడ్డంగా స్కేలు పెట్టి ఒక పెట్టె గీతను పక్క పెట్టె దాకా పొడిగించి చూడండి. బి మధ్యగతం 66. ఎ పెట్టె పై అంచూ 66 దగ్గరే. అంటే బి సెక్షన్‌లో సగం మంది అందుకున్న మార్కును ఎ సెక్షన్‌లో పావు మందే అందుకున్నారు. వరుసల్లో చూస్తే 66 గానీ అంతకు మించి గానీ తెచ్చుకున్నవాళ్లు బిలో 8 మంది, ఎలో నలుగురు. ఇంతవరకు చూస్తే బి చాలా మెరుగు. ఇప్పుడు కిందివైపు చూడండి. బి పెట్టె కింది అంచు 40. ఎ సెక్షన్ కింది మీసం కొస 41. అంటే బి సెక్షన్‌లో కింది పావు పిల్లలకు ఎ సెక్షన్‌లో అందరికంటే వెనకబడ్డ పిల్లవాడి కంటే కూడా తక్కువ మార్కులు వచ్చాయి. ఈ రెండు మాటలూ ఒకే బొమ్మలో ఉన్నాయి, రెండూ నిజమే. ‘ఏ సెక్షన్ మెరుగు?’ అనే ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబివ్వడం ఎందుకు కుదరదో ఇవి చూపిస్తాయి.

మార్కుల చెదురు

మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పడానికి సులువైన కొలత వ్యాప్తి: గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేయడం. ఎ సెక్షన్‌లో 95 నుంచి 41 తీస్తే 54. బి సెక్షన్‌లో 97 నుంచి 22 తీస్తే 75. ఈ లెక్కన బి చెదురు ఎ కంటే ఒకటిన్నర రెట్ల లోపే. ఇప్పుడు పెట్టె పొడుగు కొలవండి. ఎలో 66 నుంచి 52 తీస్తే 14. బిలో 82 నుంచి 40 తీస్తే 42. సరిగ్గా మూడు రెట్లు.

రెండు కొలతలూ ఇంత వేరుగా మాట్లాడటానికి కారణం ఆ ఒంటరి చుక్క. ఎ సెక్షన్ నుంచి 95 మార్కుల విద్యార్థిని పక్కనబెట్టి మళ్లీ లెక్కకడితే వ్యాప్తి 54 నుంచి 31కి పడిపోతుంది. పెట్టె పొడుగు 14 నుంచి 13 అవుతుంది, మధ్యగతం 60 నుంచి 59 అవుతుంది. ఒక్కరు వచ్చినా పోయినా పెద్దగా కదలకపోవడం ఈ రెండు కొలతల గుణం. అందుకే బాక్స్‌ప్లాట్‌లో పోలిక వీటి మీద నిలబడుతుంది.

చెదురు తేడాకు తరగతి గదిలో నేరుగా అర్థం ఉంది. ఎ సెక్షన్‌లో నడిమి సగం పిల్లలు 14 మార్కుల లోపల ఉన్నారు. ఒకే వేగంతో, ఒకే స్థాయిలో పాఠం చెబితే చాలామందికి అందుతుంది. బి సెక్షన్‌లో నడిమి సగం 42 మార్కుల మేర పరచుకుని ఉంది. అక్కడ మధ్యగతం విద్యార్థిని ఉద్దేశించి పాఠం చెబితే పైవాళ్లకు తెలిసిందే మళ్లీ చెప్పినట్టు, కిందివాళ్లకు అందనిది చెప్పినట్టు అవుతుంది.

పెట్టెలో గీత ఎక్కడుందన్నది కూడా గమనించదగ్గదే. బి గీత పెట్టెకు సరిగ్గా నడుమ లేదు. పైన 16 మార్కుల దూరం, కింద 26 మార్కుల దూరం. అంటే పై సగం దగ్గరగా ఉంది, కింది సగం ఎక్కువగా చెదిరింది. బిలో సమస్య ఎటువైపుందో ఇది చెబుతుంది.

చుక్క ఎందుకు పడింది?

అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ ఈ బొమ్మకు ఇప్పటి రూపాన్నిచ్చి, 1977లో వెలువడిన తన పుస్తకంతో బాగా ప్రచారంలోకి తెచ్చాడు. దీనికి దగ్గరి బొమ్మను 1952లోనే మేరీ ఎలినార్ స్పియర్ తన పుస్తకంలో ఇచ్చింది. చుక్కకు టూకీ పెట్టిన నియమం తేలికైనది. పెట్టె పొడుగును ఒకటిన్నరతో గుణించి, ఆ దూరాన్ని పెట్టె పై అంచుకు కలపాలి, కింది అంచు నుంచి తీసేయాలి. అవి రెండు కంచెలు. కంచె దాటినవాళ్లు అవుట్‌లయర్లు, ఒక్కొక్కరికి ఒక చుక్క.

ఎ సెక్షన్‌లో 14ని ఒకటిన్నరతో గుణిస్తే 21. పై కంచె 66కి 21 కలిపి 87, కింది కంచె 52లోంచి 21 తీసి 31. 95 పై కంచె దాటింది, చుక్క అయింది. మీసం మాత్రం కంచె దాకా వెళ్లదు. కంచె లోపలున్న చివరి విద్యార్థి దగ్గర, అంటే 72 దగ్గర ఆగుతుంది. బిలో 42కు ఒకటిన్నర రెట్లు 63. కంచెలు 145, మైనస్ 23. 100 మార్కుల పేపరులో ఎవరూ అవి దాటలేరు. కాబట్టి ఆ సెక్షన్‌లో చుక్క పడే అవకాశమే లేదు.

దీన్నుంచి గ్రహించాల్సింది ఒకటుంది. ఎలో 95 అవుట్‌లయర్, బిలో 97 కాదు. చుక్క మార్కు ఎంతో చెప్పదు, ఆ మార్కు తన తరగతికి ఎంత దూరంగా ఉందో చెబుతుంది. అలాగే బిలో 22 మార్కుల పిల్లవాడికి చుక్క పడలేదు. తెలుగు రాష్ట్రాల పదో తరగతి పరీక్షల్లో ఉత్తీర్ణతకు సాధారణంగా 35 శాతం కావాలి. ఆ గీత గీసి చూస్తే బి కింది మీసం దాన్ని దాటి కిందికి దిగింది. శ్రద్ధ అవసరమైన పిల్లలు చుక్కలుగానే కనిపిస్తారనుకుంటే ఈ తరగతిలో ఒక్కరినీ గుర్తించలేం.

చుక్క కనిపించగానే దాన్ని చెరిపేయడమూ తప్పే, అలాగే నమ్మేయడమూ తప్పే. అది విచారించమనే సూచన. మొదట ఆ జవాబుపత్రం తీసి చూడాలి. 59ని మార్కుల పట్టికలో 95 అని ఎక్కించి ఉండవచ్చు. అలా జరిగి ఉంటే, సరిదిద్దిన తరువాత ఎ సెక్షన్ మధ్యగతం 59, పెట్టె 52 నుంచి 65, చుక్క మాయం, సగటు 60.8 నుంచి 58.4కి దిగుతుంది. పత్రంలో నిజంగానే 95 ఉంటే, ఆ విద్యార్థికి తరగతి పాఠం ఎప్పుడో చాలకుండా పోయిందని అర్థం. అప్పుడు ఆ చుక్కను ఉంచి, దాని సంగతి విడిగా చెప్పాలి.

చుక్కలు ఎక్కడా లేని బొమ్మ వస్తే మరో అనుమానం పెట్టుకోవాలి. కొన్ని పాఠ్యపుస్తకాలు, కొన్ని సాఫ్ట్‌వేర్లు మీసాలను నేరుగా కనిష్ఠ, గరిష్ఠ మార్కుల దాకా లాగుతాయి. అలా గీస్తే ఎ సెక్షన్ పై మీసం 95 దాకా సాగి, ఆ ఒక్కరి దూరం మీసంలో కలిసిపోతుంది. ఒక మీసం పెట్టె పొడుగుకు ఒకటిన్నర రెట్లు దాటి ఉంటే, అది టూకీ నియమంతో గీసిన బొమ్మ కాదని అక్కడే తెలిసిపోతుంది.

బొమ్మ దాచేవి

బి సెక్షన్ కింది మీసం 35 గీతను దాటింది కాబట్టి, తప్పినవాళ్లు కనీసం ఒకరున్నారని బొమ్మ చూసి చెప్పవచ్చు. పెట్టె 40 దగ్గర మొదలైంది కాబట్టి వాళ్లు పావు తరగతి కంటే తక్కువేనని కూడా చెప్పవచ్చు. ఎంతమందో మాత్రం చెప్పలేం. వరుస చూస్తేనే ఇద్దరని తెలుస్తుంది.

ఇంతకంటే పెద్ద విషయం పెట్టె లోపల దాగుతుంది. ఈ మార్కులు చూడండి: 22, 38, 39, 40, 41, 42, 43, 66, 80, 81, 81, 82, 83, 84, 97. కనిష్ఠం 22, అంచులు 40, 82, నడుమ 66, గరిష్ఠం 97. బి సెక్షన్ బొమ్మే మళ్లీ వస్తుంది, ఒక్క గీత కూడా మారదు. తరగతి మాత్రం పూర్తిగా వేరు. ఆరుగురు 40 చుట్టూ, ఆరుగురు 80 చుట్టూ గుంపుకట్టారు. మధ్యగతం దగ్గర ఒక్కరే ఉన్నారు. అసలు బిలో పిల్లలు పైనుంచి కిందిదాకా మెట్లుమెట్లుగా ఉంటే, ఇక్కడ తరగతి రెండుగా చీలిపోయింది. రెంటికీ చేయాల్సిన పని వేరు. పెట్టె పొడుగ్గా కనిపించినప్పుడు లోపల మెట్లున్నాయా, చీలిక ఉందా అని అడగాలి. పిల్లలు ఇంత తక్కువమంది ఉన్నప్పుడు పెట్టె మీదే ఒక్కొక్కరికి ఒక చుక్క పెట్టించి చూస్తే ఆ సందేహం తీరుతుంది.

తరగతిలో ఎంతమంది ఉన్నారో కూడా పెట్టె చెప్పదు. 15 మందికీ 150 మందికీ పెట్టె ఒకేలా ఉండవచ్చు. మధ్యగతాల తేడాను ఎంత నమ్మవచ్చో మాత్రం ఆ సంఖ్య మీదే ఆధారపడుతుంది. మెక్‌గిల్, టూకీ, లార్సెన్ 1978లో దీనికొక ఉపాయం చెప్పారు. పెట్టె పొడుగును 1.57తో గుణించి, పిల్లల సంఖ్య వర్గమూలంతో భాగించి, వచ్చినదాన్ని మధ్యగతానికి అటూ ఇటూ గుర్తు పెట్టాలి. ఎలో అది సుమారు 5.7, కాబట్టి 54 నుంచి 66 దాకా. బిలో సుమారు 17, కాబట్టి 49 నుంచి 83 దాకా. ఈ రెండు మేరలు ఒకదానిలో ఒకటి ఉన్నాయి. కాబట్టి ఇంత చిన్న తరగతుల్లో కనిపించిన 6 మార్కుల తేడాను చూసి బిలో బోధన మెరుగని అనలేం. మరో పరీక్షలో అది తారుమారు కావచ్చు.

జవాబు ఎలా రాయాలి?

‘బి మధ్యగతం ఎక్కువ, బి చెదురు ఎక్కువ, ఎలో ఒక అవుట్‌లయర్ ఉంది’ అని రాస్తే తప్పు లేదు, కానీ అది బొమ్మలోని గీతల వర్ణన మాత్రమే. పోలిక అంటే ఆ మూడింటినీ పిల్లల మాటల్లోకి తేవాలి. ఈ బొమ్మకు నేనైతే ఇలా రాస్తాను:

‘నడుమ నిలిచే విద్యార్థికి బిలో సుమారు 66, ఎలో సుమారు 60 మార్కులు వచ్చాయి. కానీ నడిమి సగం పిల్లలు ఎలో 14 మార్కుల లోపల, బిలో 42 మార్కుల లోపల ఉన్నారు. కాబట్టి బిలో పైవాళ్లు ఎ కంటే బాగా ముందున్నారు, కింది పావు ఎలోని ప్రతి ఒక్కరి కంటే వెనకబడి ఉంది. ఎలో 95 దగ్గరున్న ఒక్క మార్కు మిగతా తరగతికి చాలా దూరంగా ఉంది, దాన్ని సరిచూడాలి. ఒక్కో సెక్షన్‌లో 15 మందే ఉన్నారు కాబట్టి మధ్యగతాల తేడా మీద ఎక్కువ బరువు పెట్టకూడదు.’

ఇలా రాస్తే ప్రధానోపాధ్యాయులు ఏం చేయాలో కూడా అందులోనే ఉంటుంది. బి సెక్షన్‌కు అదనపు తరగతులు పెట్టాల్సి వస్తే అవి అందరికీ కాదు, కింది పావు పిల్లల కోసం. ఎ సెక్షన్‌లో చూడాల్సింది ఒక్క జవాబుపత్రం. ఏ సెక్షన్ బాగా రాసిందన్న తగువుకు ఈ బొమ్మ తీర్పివ్వదు. సాయం ఏ సెక్షన్‌లో ఎవరికి కావాలో మాత్రం అది స్పష్టంగానే చెబుతుంది, ఫలితాలు చేతికొచ్చిన బడికి ముందుగా తెలియాల్సిందీ అదే.